క్లాసులో ఫోన్లు ఉండాలా, వద్దా? ఇంగ్లిష్ డిబేట్ స్పీచ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కావలి దగ్గర ఒక పల్లె హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. అప్పుడప్పుడూ ఒంగోలు వైపు బడులకు డిబేట్ జడ్జిగా కూడా వెళ్తుంటాను. నవంబర్ 14 దగ్గర పడిందంటే చాలు, "క్లాసులో ఫోన్లు" అనే టాపిక్ ఏదో ఒక బడిలో పెడతారు, ఇక పిలకాయలూ వాళ్ల అమ్మానాన్నలూ ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. ఇంగ్లిష్ వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను, ఇంగ్లిష్ చదవడం రాని అమ్మలూ నాన్నలూ పక్కన కూర్చుని పిల్లలకు అప్పజెప్పించుకోవాలని. పిల్లలు మాత్రం నోటుబుక్కులో ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకోవాలి.

## టాపిక్ చేతికొచ్చినప్పుడు

చీటీలో "అగైన్‌స్ట్" వచ్చింది మేడం, ఫోన్ వద్దని మాట్లాడాలంట, మావాడికేమో ఫోన్ ఉండాలనే ఉంది. ఎట్టా మాట్లాడతాడు?

మాట్లాడగలడు, ఒక్కోసారి వాడే బాగా మాట్లాడతాడు. ఫోన్ కావాలనుకునే పిల్లాడికి అవతలి వాళ్లు ఏమంటారో ముందే తెలుసు, ఎందుకంటే అవి వాడి మాటలే. ముందు వాణ్ని కూర్చోబెట్టి ఫోన్ ఎందుకు కావాలో మూడు కారణాలు చెప్పమనండి, రాసుకోండి. తర్వాత ఒక్కో కారణం దగ్గరా "ఇది క్లాసు జరుగుతున్నప్పుడే కావాలా, ఇంటికెళ్లాక సరిపోదా?" అని అడగండి. సగానికి పైగా కారణాలకు "ఇంటికెళ్లాక చాలు" అనే జవాబు వాడి నోటి నుంచే వస్తుంది. అగైన్‌స్ట్ స్పీచ్‌కి పునాది అదే. ఫోన్ చెడ్డదని వాడు నమ్మక్కర్లేదు, పాఠం నడిచే ఆ కాసేపు ఫోన్ పక్కన ఉండకూడదని ఒప్పుకుంటే చాలు, అంతవరకు వాడు నిజంగానే ఒప్పుకుంటాడు కాబట్టి గొంతులో తడబాటు ఉండదు.

ఫోన్ల వల్ల లాభాలు, నష్టాలు మొత్తం చెప్పాలా?

వద్దు. జడ్జిగా కూర్చున్నప్పుడు నేను మార్కులు ఎక్కువగా కోసేది ఇక్కడే. టాపిక్‌లో ఉన్న "క్లాస్‌రూమ్" అనే మాటను వదిలేసి కళ్లు పోతాయి, రేడియేషన్, నిద్ర పట్టదు, సెల్ఫీ తీసుకుంటూ రైలు కింద పడ్డారు, ఆన్‌లైన్ మోసాలు అంటూ పిలకాయలు ఊరంతా తిరిగొస్తారు. అందులో ఏ ఒక్కటీ క్లాసుకు సంబంధించింది కాదు. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తే నిద్ర చెడుతుంది నిజమే, కానీ దానికి పరిష్కారం క్లాసులో ఫోన్ తీసేయడం కాదు కదా!

రాయడం మొదలుపెట్టేముందు మూడు విషయాలు తేల్చుకోండి. ఎవరి ఫోన్? పిల్లాడి జేబులో ఉన్నదా, టీచర్ చేతిలో ఉన్నదా? ఎప్పుడు? పాఠం నడిచేటప్పుడా, ఇంటర్వెల్లోనా? ఫోన్‌లో ఏం చేస్తున్నాడు? ఈ మూడింటినీ ఒక్క వాక్యంలో పెట్టి స్పీచ్ మొదట్లో చెప్పేస్తే, అవతలి వాళ్లు ఏ వైపు లాగినా మీ పిల్లాడు ఆ వాక్యం దగ్గరికే తిరిగి రావచ్చు. "ఐ యామ్ టాకింగ్ అబౌట్ ద స్టూడెంట్స్ ఫోన్, డ్యూరింగ్ ద లెసన్" అంటే సరిపోతుంది.

ఏ సైడ్ తేలిక?

మన రాష్ట్రంలో అయితే అగైన్‌స్ట్ సైడ్‌కి కాస్త ఆసరా ఉంది. 2023 ఆగస్టులో విద్యాశాఖ బడుల్లో పిల్లలు ఫోన్ వాడకూడదని, టీచర్లు కూడా క్లాసుకు వెళ్లేముందు ఫోన్ హెడ్మాస్టర్ దగ్గర పెట్టాలని చెప్పింది. అంటే అగైన్‌స్ట్ వాళ్లు ఇప్పుడున్న పద్ధతినే కొనసాగించమంటున్నారు. ఫర్ వాళ్లు కొత్తది అడుగుతున్నారు కాబట్టి ఎట్టా వాడాలో, ఎంతసేపు వాడాలో కూడా వాళ్లే చెప్పాలి. అయితే అందరూ అగైన్‌స్ట్ పాయింట్లే ముందునుంచీ వింటూ ఉంటారు కాబట్టి, ఫర్ సైడ్ వాళ్లు పకడ్బందీగా ఒక పద్ధతి చెప్పగలిగితే జడ్జీలు చెవులు రిక్కించి వింటారు.

## రాసేటప్పుడు

రెండు నిమిషాల స్పీచ్‌కి ఎన్ని పదాలు రాయాలి?

ఇంగ్లిష్ బాగా అలవాటున్న పిల్లలు నిమిషానికి 130 పదాల దాకా మాట్లాడతారు. మన పల్లె బడుల్లో, స్టేజీ మీద, మైక్ ముందు 100 పదాలు దాటితే మాట మింగేస్తారు. కాబట్టి రెండు నిమిషాలకు 180 నుంచి 200 పదాలు చాలు. నోటుబుక్కులో పేజీన్నర లోపే అయిపోతుంది. "ఇంతేనా?" అని అమ్మానాన్నలు కంగారుపడి ఇంకో రెండు పేరాలు చేరుస్తారు, దాంతో పిల్లాడు బెల్ కొట్టేలోపు ముగించాలని పరుగు పెడతాడు, చివరి పేరా ఎవరికీ వినపడదు. రాశాక గడియారం పెట్టి గట్టిగా చదివించండి. ఇంట్లో ఒక నిమిషం 45 సెకన్లు పడితే స్టేజీ మీద ఆగి ఊపిరి తీసుకోవడానికి 15 సెకన్లు మిగులుతాయి, అది కావాలి కూడా.

"రెస్పెక్టెడ్ చీఫ్ గెస్ట్, హానరబుల్ హెడ్మాస్టర్..." అని మొదలుపెట్టాలి కదా?

అందరినీ పేరుపేరునా పిలిస్తే పాతిక సెకన్లు పోతాయి, రెండు నిమిషాల్లో అది ఐదో వంతు. "గుడ్ మార్నింగ్ టు ఎవ్రీవన్" చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. "మైసెల్ఫ్ ఫలానా" అనొద్దు, అది మన దగ్గర బాగా అలవాటైన తప్పు. "ఐ యామ్ ఫలానా ఫ్రమ్ క్లాస్ నైన్" అనాలి. తర్వాతి మాటే "ఐ స్పీక్ అగైన్‌స్ట్ ద మోషన్" అయి ఉండాలి. ఏ సైడో జడ్జికి మొదటి పది సెకన్లలో తెలియాలి.

ఇక "మొబైల్ ఫోన్ వాజ్ ఇన్వెంటెడ్ బై మార్టిన్ కూపర్ ఇన్ 1973" అనే మొదలు. ఆ మాట తప్పేం కాదు, ఆయన 1973లో చేతిలో పట్టుకునే ఫోన్‌తో మొదటి కాల్ చేశారు. కానీ క్లాసులో ఫోన్ ఉండాలా వద్దా అనే దానికి అది ఏ వైపూ సాయం చేయదు. నేను జడ్జిగా కూర్చున్న ఒక పోటీలో వరుసగా నలుగురు పిల్లలు అదే వాక్యంతో మొదలుపెట్టారు, నాలుగో పాప ముఖం అప్పటికే పాలిపోయింది పాపం, తన మొదటి వాక్యాన్ని ముందున్న వాళ్లు ముగ్గురు చెప్పేశారని. మీ పిల్లాడు కళ్లతో చూసిన దానితో మొదలుపెట్టిస్తే ఆ ఇబ్బంది రాదు.

నెట్‌లో పది పాయింట్లు దొరికాయి. ఎన్ని పెట్టాలి?

ఒకటి. మరీ అంటే రెండు. పది పాయింట్లంటే ఒక్కో పాయింట్‌కి పన్నెండు సెకన్లు కూడా రావు, పేరు చెప్పి వదిలేయడమే అవుతుంది. ఒకే కారణం తీసుకుని, అది క్లాసులో ఎట్టా జరుగుతుందో చూపించి, దానికి ఒక ఆధారం చెప్పి, అవతలి వాళ్ల మాట ఒకదానికి జవాబిచ్చి, చివరికి ఏం కావాలో అడిగితే రెండు నిమిషాలు నిండుగా సరిపోతాయి.

ఏ కారణం పట్టుకోవాలో తెలియకపోతే పిల్లాణ్ని "ఫోన్ వల్ల మీ క్లాసులో ఎప్పుడైనా ఏదైనా జరిగిందా?" అని అడగండి. జరిగినదాన్ని తెలుగులో చెప్పించుకుని అందులోంచి కారణం తీయండి. మా 9వ తరగతి పాప ఒకతె "పాఠం చెప్పేటప్పుడు ఎవరి బ్యాగులోనో ఫోన్ బుర్రుమంది మేడం, అందరం అటు తిరిగాం, మీరు యాడ ఆపారో మీకే గుర్తు రాలా" అంది. ఆ క్లాసు నాదే. నేను నిజంగానే బ్లాక్‌బోర్డ్ దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. ఆ ఒక్క మాట నుంచే దాని స్పీచ్ అంతా వచ్చింది.

రిపోర్టులు, లెక్కలు చెబితే మార్కులు వస్తాయంటారు. ఏవి నమ్మొచ్చు?

ఒక్క లెక్క చాలు, కానీ అది ఎవరు చెప్పారో, ఏ సంవత్సరమో తెలిసి ఉండాలి. "స్టడీస్ సే 90 పర్సెంట్" అని గాలిలో మాట వేస్తే "ఏ స్టడీ అమ్మా?" అని జడ్జి అడిగిన మరుక్షణం అంతా కూలిపోతుంది.

అగైన్‌స్ట్ వాళ్లకు బాగా పనికొచ్చేది యునెస్కో 2023లో విడుదల చేసిన ప్రపంచ విద్యా నివేదిక. చదువుకు సంబంధం లేని పని మీదికి దృష్టి మళ్లిన విద్యార్థి మళ్లీ పాఠంలో పడటానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని అందులో ఉంది. "దాకా" అన్న మాట వదలకండి. ఇంగ్లిష్‌లో "అప్ టు ట్వెంటీ మినిట్స్" అనాలి, అది తీసేసి "ట్వెంటీ మినిట్స్" అంటే ప్రతిసారీ ప్రతి ఒక్కరికీ అంత పడుతుందని అర్థం వస్తుంది, అది ఆ నివేదిక చెప్పిన మాట కాదు.

మన దేశం లెక్కే కావాలంటే పల్లెల్లో పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే ఉంది. 2024 నివేదిక ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అట్టా వచ్చినవాళ్లలో సర్వేకి ముందు వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఈ లెక్క రెండు వైపులా పనిచేస్తుంది. అగైన్‌స్ట్ వాళ్లు 76 చూపించి "చేతిలో ఉంటే ఎటు పోతుందో చూడండి" అనొచ్చు. ఫర్ వాళ్లు అదే లెక్క చూపించి "ఎట్టాగూ వాడుతున్నారు, సరిగా వాడటం టీచర్ కళ్లముందు నేర్పండి" అనొచ్చు. కాబట్టి మీరు ఏ సైడైనా, అవతలివాళ్లు ఈ లెక్కను ఎట్టా తిప్పుతారో కూడా ఇంట్లోనే ఆలోచించి పెట్టుకోండి.

ఫర్ సైడ్ వచ్చింది. "టెక్నాలజీ ఈజ్ ద ఫ్యూచర్" కాకుండా ఇంకేం చెప్పాలి?

పాఠ్యపుస్తకం తెరిచి క్యూఆర్ కోడ్ చూపించండి. మన ప్రభుత్వ పుస్తకాల్లో పాఠాల దగ్గర ఆ నల్లగళ్ల చదరం ఉంటుంది, దీక్షా యాప్‌లో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. క్లాసులో ఫోన్ లేకపోతే దాని లోపల ఏముందో పిల్లలు చూసేదెట్టా? స్టేజీ మీదికి ఆ పుస్తకమే తీసుకెళ్లి, పేజీ విప్పి జడ్జీల వైపు తిప్పి, "దిస్ ఈజ్ ఎ లాక్డ్ డోర్ ఇన్ మై టెక్స్ట్‌బుక్. ఎ ఫోన్ ఈజ్ ద కీ" అనమనండి.

ఇక్కడితో ఆపితే మాత్రం ఓడిపోతారు. తాళం తీశాక ఆ ఫోన్‌లో ఇంకేం చూడరని నమ్మకమేంటి అని అవతలివాళ్లు అడుగుతారు. అందుకే పద్ధతి చెప్పాలి. "వన్ ఫోన్ ఫర్ ఫోర్ స్టూడెంట్స్. టెన్ మినిట్స్. ద స్క్రీన్ ఈజ్ ఆన్ ద బెంచ్, వేర్ ద టీచర్ కెన్ సీ ఇట్. దెన్ ఇట్ గోస్ బ్యాక్ టు ద బాక్స్." నలుగురికి ఒకటి అనడంతో ఫోన్ కొనలేని ఇంటి పిల్లల సంగతి ఏంటన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికిపోతుంది. నా మటుకు నాకు, ఈ సైడ్ గెలిచేది ఈ నాలుగు చిన్న వాక్యాలతోనే.

పూర్తి స్పీచ్ ఒకటి చూపించండి మేడం, మేం దాన్ని చూసి రాసుకుంటాం.

ఇది మా 9వ తరగతి పాప అగైన్‌స్ట్ సైడ్‌కి రాసుకున్నది, నేను వ్యాకరణం సరిచేశాను, ఒక వాక్యం కోశాను. వాళ్ల నాన్న రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోయి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, వెంటనే జనరేటర్ వేయకపోతే రొయ్య మిగలదు, అందుకని ఆయన తలగడ పక్కనే ఫోన్ పెట్టుకుని పడుకుంటాడు.

> గుడ్ మార్నింగ్ టు ఎవ్రీవన్. ఐ స్పీక్ అగైన్‌స్ట్ ద మోషన్.
>
> మై ఫాదర్ వర్క్స్ ఎట్ ఎ ప్రాన్ పాండ్. ఎట్ నైట్ హీ కీప్స్ హిజ్ ఫోన్ నియర్ హిజ్ పిల్లో. ఇఫ్ ద పవర్ గోస్, ద వాచ్‌మన్ కాల్స్ హిమ్, అండ్ హీ రన్స్ టు స్టార్ట్ ద జనరేటర్. ఫర్ మై ఫాదర్, ద ఫోన్ ఈజ్ ఎ గార్డ్. బట్ ఇన్ మై క్లాస్‌రూమ్, వాట్ డజ్ ఇట్ గార్డ్?
>
> లాస్ట్ మంత్ అవర్ టీచర్ వాజ్ టీచింగ్ ద ప్యాసివ్ వాయిస్. వన్ ఫోన్ బజ్డ్ ఇన్ వన్ బ్యాగ్. ఓన్లీ వన్. ఫార్టీ ఆఫ్ అజ్ టర్న్డ్ అండ్ లుక్డ్. అవర్ టీచర్ స్టాప్డ్. షీ ఆస్క్డ్, "వేర్ వాజ్ ఐ?" నోబడీ కుడ్ టెల్ హర్.
>
> ఎ యునెస్కో రిపోర్ట్ ఆఫ్ ట్వెంటీ ట్వెంటీ-త్రీ సేస్ దట్ ఎ స్టూడెంట్ హూ లీవ్స్ ద లెసన్ ఫర్ సమ్‌థింగ్ ఎల్స్ మే నీడ్ అప్ టు ట్వెంటీ మినిట్స్ టు కమ్ బ్యాక్. అవర్ పీరియడ్ ఈజ్ ఫార్టీ-ఫైవ్ మినిట్స్.
>
> మై ఫ్రెండ్స్ సే ఎ ఫోన్ ఈజ్ ఎ డిక్షనరీ. ఐ అగ్రీ. బట్ ఎ డిక్షనరీ డజ్ నాట్ రింగ్. ఎ డిక్షనరీ డజ్ నాట్ సెండ్ యు ద క్రికెట్ స్కోర్.
>
> సో ఐ ఆస్క్ ఫర్ వన్ థింగ్. లెట్ ద ఫోన్ స్టే ఎట్ హోమ్ అంటిల్ ద లాస్ట్ బెల్. థాంక్యూ.

దీన్నే దించుకోకండి, రొయ్యల గుంట ఆ పాపది. మీ నాన్న నిమ్మకాయల మార్కెట్లో ధర కనుక్కోవడానికి ఫోన్ వాడతాడేమో, మీ అమ్మ డ్వాక్రా సంఘం లెక్కలు అందులో చూసుకుంటుందేమో, అది పెట్టండి. నాన్న ఫోన్‌ను మొదట గౌరవంగా చెప్పడంలో ఒక లాభముంది. "ఫోన్లంటే మీకు కోపం" అని అవతలివాళ్లు అనలేరు. నేను కోసిన వాక్యం "ఫోన్స్ ఆర్ స్పాయిలింగ్ ద యూత్". పాప ఒప్పుకోలేదు మొదట, అది చాలా బాగుందని. "అంతకుముందు నువ్వు చెప్పిందంతా మీ నాన్న గురించి, మీ క్లాసు గురించి. ఈ ఒక్క వాక్యం మాత్రం ఎవరిదో" అంటే కాసేపు ఆలోచించి తనే కొట్టేసింది.

గ్రామర్‌లో ఎక్కువగా ఎక్కడ తప్పులు పోతాయి?

ఈ టాపిక్‌లో మళ్లీ మళ్లీ కనిపించేవి మూడే. "డిస్కస్ అబౌట్ ఫోన్స్" అంటారు, "డిస్కస్ ఫోన్స్" చాలు. "వన్ ఆఫ్ ద రీజన్" అంటారు, "రీజన్స్" అనాలి. "ఐ యామ్ అగైన్‌స్ట్ టు ద టాపిక్" అంటారు, ఆ "టు" అక్కర్లేదు. ఇవి తప్ప మిగతావి సరిదిద్దాలంటే ఒకటే మందు, వాక్యం చిన్నది చేయడం. పది పన్నెండు పదాలు దాటిన వాక్యాన్ని రెండుగా విరిచేయండి, సగం తప్పులు అక్కడే పోతాయి.

## ప్రాక్టీస్ చేసేటప్పుడు

ఇంగ్లిష్ స్పీచ్‌ని తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీపడుతున్నాడు. తప్పా?

మొదటి రోజు పలకడం తెలుసుకోవడానికైతే తప్పు లేదు, నేనే అట్టా రాసిచ్చిన సందర్భాలున్నాయి. రెండో రోజుకి మాత్రం అది పక్కన పెట్టేయాలి. తెలుగు అక్షరాల్లో రాస్తే ప్రతి అక్షరమూ ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లిష్‌లో అట్టా కాదు, ఒక పదంలో ఒక చోట ఒత్తి మిగతాది తేల్చేస్తారు. "డిస్ట్రాక్షన్"లో "ట్రాక్" దగ్గర బరువు పడాలి, తెలుగులో చూసి చదివే పిల్లాడు నాలుగు ముక్కలూ సమానంగా కొడతాడు. ఇంకో చిక్కు ఏంటంటే, అర్థం తెలియకుండా శబ్దాలు మాత్రమే గుర్తుంటాయి కాబట్టి ఒక్క ముక్క జారితే దాని వెనక వరుసంతా జారిపోతుంది.

పలకడంలో ఏవి సరిచేయాలి? అన్నీ తప్పులే అనిపిస్తోంది.

అన్నీ పట్టుకోకండి, పిల్లాడు నోరే తెరవడు. ఈ స్పీచ్‌లో పదేపదే వచ్చే నాలుగు మాటలు చూడండి. మన నోటికి పదం చివర అచ్చు ఉండాలి, అందుకే "ఫోను", "క్లాసు", "బ్యాగు" అంటాం. ఇంగ్లిష్‌లో చివరి ఉ లేకుండా "ఫోన్" దగ్గరే పెదాలు ఆపేయాలి. "ఎవ్రీవన్"ని "యెవ్రీవన్" అనీ, "ఓన్లీ"ని "వోన్లీ" అనీ అంటాం, ముందు చేరే ఆ య, వ తీసేయాలి. "స్టూడెంట్"కి ముందు "ఇ" చేర్చి "ఇస్టూడెంట్" అంటే నవ్వుతారు పిల్లలు, అది మాన్పించండి. "యూజ్" విషయంలో పని చెప్పేటప్పుడు చివర జ్, "వాట్ ఈజ్ ద యూస్" అన్నప్పుడు చివర స్. ఇంకొక్కటి, "వాచ్‌మన్", "వర్క్స్" అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలకుండా పెదాలు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు నిలబెట్టి చూపిస్తే ఐదు నిమిషాల్లో పట్టుకుంటారు. నెల్లూరు యాస గొంతులో ఉంటే ఉండనివ్వండి, దానికి ఎవరూ మార్కులు తీయరు.

ఇంట్లో బాగానే చెబుతాడు, స్టేజీ ఎక్కితే మధ్యలో మర్చిపోతాడు. ఏం చేయాలి?

పేరాల మధ్య అతుకుల దగ్గర మర్చిపోతారు, పేరా లోపల కాదు. కాబట్టి మొత్తం స్పీచ్ కాకుండా ఒక్కో పేరాకి ఒక్కో మాట గుర్తుపెట్టించండి. పైన ఫోన్, నాన్న కథ ఉన్న స్పీచ్ అయితే నాన్న, బ్యాగు, ఇరవై నిమిషాలు, డిక్షనరీ, బెల్ అని ఐదు మాటలు. వేళ్ల మీద పెట్టుకుంటే చాలు, ఒక్కో పేరా అయ్యాక ఒక వేలు ముడుస్తాడు. తర్వాత మూడో పేరా నుంచి మొదలుపెట్టమని, ఐదో దాన్నుంచి మొదలుపెట్టమని ఆడించండి. ఎక్కడినుంచైనా మొదలుపెట్టగలిగిన పిల్లాడు మధ్యలో ఆగిపోయినా పక్క పేరా పట్టుకుని నడిచిపోతాడు. పోయిన వాక్యం కోసం వెతుకుతూ "సారీ, సారీ" అనొద్దని ముందే చెప్పండి, అది పోయిందని జడ్జికి తెలియదు.

## స్టేజీ మీద

అవతలివాళ్లకు జవాబు చెప్పాలంట, దాన్ని ముందే రాసుకోవడం ఎట్టా?

మాట ముందే రాసుకోలేం, అచ్చు మాత్రం రాసుకోవచ్చు. "మై ఫ్రెండ్ సెడ్ ఫలానా. ఐ అగ్రీ అప్ టు దిస్ పాయింట్. బట్ డ్యూరింగ్ ద లెసన్..." అని మూడు ముక్కలు. ముందు వాళ్ల మాటను మర్యాదగా ఒక్క వాక్యంలో తిరిగి చెప్పడం, అందులో నిజమున్నంతవరకు ఒప్పుకోవడం, తర్వాత క్లాసు దగ్గరికి లాక్కురావడం.

ఈ టాపిక్‌లో అందరూ వేసే పాయింటు ఎమర్జెన్సీ. "ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే ఫోన్ లేకుండా ఎట్టా తెలుస్తుంది?" అంటారు. అగైన్‌స్ట్ పిల్లాడు ఇట్టా చెప్పొచ్చు. "మై ఫ్రెండ్ సెడ్ వి నీడ్ ఫోన్స్ ఇన్ ఎన్ ఎమర్జెన్సీ. ఐ అగ్రీ. బట్ మై పేరెంట్స్ హ్యావ్ ద హెడ్మాస్టర్స్ నంబర్. వన్ ఫోన్ ఇన్ ద ఆఫీస్ ఈజ్ ఎనఫ్ ఫర్ ద హోల్ స్కూల్." నాలుగే వాక్యాలు, ఇరవై సెకన్లు. వాళ్లు మాట్లాడేటప్పుడు మొత్తం రాసుకోవడానికి ప్రయత్నించొద్దు, జవాబు చెప్పగల ఒక్క మాటను మాత్రం కాగితం మీద వేసుకోవాలి. జవాబు తెలియని పాయింట్‌ని వదిలేయాలి, దాన్ని ముట్టుకుని తడబడితే అవతలివాళ్లకే మేలు.

జడ్జి "మరి మీ టీచర్లు ఫోన్ వాడుతున్నారు కదా?" అని అడిగితే?

అడుగుతారు, నేనూ అడుగుతాను. ఇప్పుడు టీచర్ల హాజరు ఫోన్ యాప్‌లోనే పడుతోంది, అది పిలకాయలందరికీ తెలుసు. కాదని బుకాయించకూడదు. "యెస్ మేడం. దే మార్క్ దేర్ అటెండెన్స్ ఆన్ ద ఫోన్. దట్ ఈజ్ బిఫోర్ ద లెసన్. ఐ యామ్ టాకింగ్ అబౌట్ ద స్టూడెంట్స్ ఫోన్, డ్యూరింగ్ ద లెసన్" అంటే ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

ఇట్టాంటిదే ఇంకోటి, ట్యాబుల ప్రశ్న. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. "ట్యాబ్ మంచిదైతే ఫోన్ ఎందుకు చెడ్డది?" అని ఫర్ సైడ్ వాళ్లు గట్టిగా పట్టుకుంటారు. అగైన్‌స్ట్ వైపు నుంచి నిజాయితీగా చెప్పగల జవాబు ఇది: ట్యాబు పాఠాల కోసమని ఇచ్చింది, అందరికీ ఒకటే రకం. ఫోన్ ఇంటి పనుల కోసం కొన్నది, ఒకడిది పాతిక వేలది, ఇంకొకడికి అసలు లేదు. జవాబు తట్టకపోతే "దట్ ఈజ్ ఎ గుడ్ క్వశ్చన్, ఐ నీడ్ టు థింక్" అని ఐదు సెకన్లు ఆగినా పర్వాలేదు, అబద్ధం అల్లేకన్నా అదే నయం.

మైక్, బెల్ గురించి ఏమైనా చెప్పండి, మా పాపకు బెల్ కొడితేనే టెన్షన్.

మామూలుగా మొదటి బెల్ హెచ్చరిక, ఇంకా ముప్పై సెకన్లో నిమిషమో మిగిలి ఉందని. ఎంత ముందు కొడతారో పోటీ మొదలయ్యేముందే అడిగి తెలుసుకోండి. బెల్ వినగానే వాక్యం మధ్యలో ఆపేసి థాంక్యూ చెప్పేసే పిల్లలున్నారు, అది అసలు వద్దు. చేతిలో ఉన్న వాక్యం ముగించి, నేరుగా చివరి పేరాకి దూకాలి. "సో ఐ ఆస్క్ ఫర్ వన్ థింగ్" అనే వాక్యాన్ని బెల్‌తో జతచేసి ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి, మీరు గ్లాసు మీద చెంచాతో కొట్టండి, పాప ఎక్కడున్నా ఆ వాక్యానికి రావాలి. ఐదారుసార్లు ఆడితే బెల్ అంటే భయం పోయి, దారి చూపించే గుర్తులా అయిపోతుంది.

మైక్ సంగతికొస్తే, గడ్డానికి ఒక జానెడు దూరం చాలు. ముందు మాట్లాడినవాడు పొడుగైతే స్టాండ్ దించుకోవాలి, దించకుండా మునివేళ్ల మీద నిలబడి రెండు నిమిషాలూ మాట్లాడిన చిన్నపిల్లను చూశాను, ఆ పాప గొంతు సగం మైక్‌లోకే పోలేదు. దించమని పక్కనున్న సార్‌ని అడగమని మీ పిల్లలకు చెప్పి పంపండి.

స్పీచ్ మేమే రాసిచ్చేస్తే తొందరగా అవుతుంది కదా, టీచర్లు ఎందుకు ఒప్పుకోరు?

పెద్దవాళ్లు రాసింది మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది. "డెట్రిమెంటల్" అన్న పిల్లాణ్ని "అంటే ఏంటి నాన్నా?" అని అడిగితే వాడు అమ్మ వైపు చూస్తాడు. మీరు చేయాల్సింది వేరే ఉంది. పిల్లాడు తెలుగులో చెబుతుంటే వినండి, "అప్పుడేమైంది?" అని అడుగుతూ ఉండండి, వాడికి తెలియని ఇంగ్లిష్ మాట ఒకటో రెండో అందించండి. తర్వాత గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చోండి. మా 9వ తరగతి పాప వాళ్ల నాన్నకు ఇంగ్లిష్ రాదు, రోజూ గుంటల దగ్గరికి వెళ్లేముందు మంచం మీద కూర్చుని స్పీచ్ వినేవాడు. నాలుగో రోజు "పాపా, నా గురించి చెప్పేటప్పుడు మరీ తొందరగా చెబుతున్నావే, కాస్త నిదానంగా చెప్పు" అన్నాడంట. పాప ఆ పేరాని నెమ్మది చేసింది, మండలం పోటీలో హాలంతా నిశ్శబ్దంగా విన్నది ఆ పేరానే.